పక్క వరుసలోకి జారిన గుంటలు: భూమి జాబితాల ఫొటోలను అక్షరాలుగా మార్చేటప్పుడు ఏం చూడాలి?

అసైన్డ్ భూమి తగాదా ఏదైనా చివరికి ఒక జాబితా దగ్గరకే వస్తుంది. ఏ సర్వే నెంబరులో ఎవరికి ఎంత ఇచ్చారు అన్నది అందులోనే ఉంటుంది. భూమిలేని పేదలకు ఇచ్చిన భూమిని ఇతరులు కొనకూడదని 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం చెబుతోంది. ఆ చట్టం కింద ఫిర్యాదు చేయాలంటే మొదట కావలసింది సరైన పేరు, సరైన నెంబరు, సరైన విస్తీర్ణం.

ఈ జాబితాలు చాలాసార్లు మన చేతికి ఫొటోలుగానే వస్తాయి. కార్యాలయంలో గంటో రెండు గంటలో రిజిస్టర్ చూడనిస్తారు. ఊరి యువకులు ఫోన్‌తో పేజీలు తీసుకుంటారు. కొన్ని అడ్డంగా, కొన్ని తలకిందులుగా, కొన్ని వంకరగా, చాలావాటి మీద తీసినవాళ్ల చేతి నీడ. ఆ ఫొటోలను ఓసీఆర్‌తో చదివించి, పట్టికగా మార్చి, ఫిర్యాదుకు జతచేసే పని మా పరిశోధనలో భాగంగా చేస్తున్నాం. అలాంటి ఒక జాబితాలోని ఒక పేజీని తీసుకుని, అది ఎలా సరిచేశాం, ఎక్కడ సరికాలేదు, సరికాని చోటును ఎలా రాసిపెట్టాం అన్నది ఇక్కడ వివరిస్తాం. అది కంప్యూటర్‌లో ముద్రించి పుస్తకంగా కుట్టిన తెలంగాణ జాబితా. చేతిరాత రిజిస్టర్లకు ఈ పద్ధతి చాలదు.

అక్షరం తప్పితే తెలుస్తుంది, వరుస తప్పితే తెలియదు

ఓసీఆర్ అనగానే అందరం అక్షరాల తప్పుల గురించే ఆలోచిస్తాం. 'ప' బదులు 'వ' వచ్చిందా, వత్తు పోయిందా అని చూస్తాం. అలాంటి తప్పు కంటికి తగులుతుంది. పేరు పేరులా ఉండదు, ఊరివాళ్లకు చూపిస్తే వెంటనే సరిచేస్తారు.

వరుస జారడం వేరు. ఒకరి పేరు పక్కన కింది వరుసలోని వారి విస్తీర్ణం వచ్చి చేరుతుంది. ప్రతి అక్షరం సరిగ్గానే ఉంటుంది, ప్రతి అంకె సరిగ్గానే ఉంటుంది, జత మాత్రం తప్పు. అసైన్డ్ జాబితాల్లో ఇది మరీ కనిపించదు. ఒకే వాడలోని కుటుంబాలకు పక్కపక్కనే భూమి ఇచ్చి ఉంటారు. ఇంటిపేర్లు ఒకటే, సర్వే నెంబరు ఒకటే, విస్తీర్ణాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. వరుస జారినా పట్టిక ఎక్కడా వింతగా అనిపించదు. ఆ పట్టికతో ఫిర్యాదు వేస్తే, అసలు రికార్డుతో పోల్చిన అధికారి 'వివరాలు సరిపోలడం లేదు' అని రాసి పక్కన పెట్టేయవచ్చు.

మొత్తం కూడి చూసుకుంటే సరిపోదా? సరిపోదు. ఒకరికి 1 ఎకరం 20 గుంటలు, ఇంకొకరికి 2 ఎకరాల 10 గుంటలు ఉన్నాయనుకుందాం. రెండూ తారుమారైనా కూడితే 3 ఎకరాల 30 గుంటలే. పేజీ అడుగున ముద్రించిన మొత్తంతో చక్కగా సరిపోతుంది. మొత్తం సరిపోవడం వల్ల అంకెలు సరిగ్గా చదివినట్లు తెలుస్తుంది. అవి ఎవరివో తెలియదు.

ముందు నిటారుగా నిలబెట్టాలి

మేం చూస్తున్నది 17వ పేజీ. ఫొటో పక్కకు తిరిగి ఉంది. ఇలా ఎందుకవుతుందంటే, ఫోన్‌ను బల్లకు సమాంతరంగా, కిందికి చూపిస్తూ పట్టుకున్నప్పుడు ఏది పై, ఏది కింద అన్నది ఫోన్‌కే తెలియదు. ఏదో ఒక దిశను ఊహించి, ఆ సమాచారాన్ని ఫొటో ఫైలులో ఎగ్జిఫ్ గుర్తుగా దాస్తుంది. గ్యాలరీ ఆ గుర్తును చూసి ఫొటోను తిప్పి చూపిస్తుంది. చదివే ప్రోగ్రాం ఆ గుర్తును పట్టించుకోకపోవచ్చు. మన తెరపై నిటారుగా కనిపించిన పేజీ దానికి పక్కకు పడుకుని ఉండవచ్చు. అందుకే కంటితో చూసిన దాన్ని నమ్మకుండా టెసరాక్ట్‌నే అడగాలి:

```
tesseract 017.png stdout --psm 0
```

జవాబులో `Rotate: 90` వస్తే 90 డిగ్రీలు తిప్పాలని అర్థం. తిప్పి, కొత్త ఫైలుగా దాచి, మళ్లీ అడగాలి. `Rotate: 0` వచ్చేదాకా ముందుకు వెళ్లకూడదు. పక్కనే ఉండే `Orientation confidence` బాగా తక్కువగా ఉంటే మనిషి కంటితో చూసి నిర్ణయించాలి. పేజీలో నాలుగు మాటలే ఉంటే అసలు చెప్పలేనని `Too few characters` అంటుంది.

ఈ దశలో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. మొదటిది, అసలు ఫొటోను ముట్టుకోకూడదు. ప్రతి మార్పునూ వేరే ఫైలులో దాచాలి, ఎందుకంటే రేపు ఎవరైనా ప్రశ్నిస్తే చూపించాల్సింది అసలు ఫొటోనే. రెండోది, ఊరి నుంచి ఫొటోలు పంపేవాళ్లు వాట్సాప్‌లో మామూలు ఫొటోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాలి. మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది. అప్పుడు మొదట పోయేవి వత్తులే.

ఒక్క డిగ్రీ వంకర ఎంత దూరం లాగుతుంది?

నిటారుగా నిలిచినా పేజీ కాస్త వాలి ఉంటుంది. చూడ్డానికి చాలా చిన్న వంపు. కానీ లెక్క వేసి చూడాలి. 17వ పేజీలో పట్టిక ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా 3000 పిక్సెళ్లు ఉంది. వరుసలు 30, ఒక్కో వరుస ఎత్తు 60 పిక్సెళ్లు. వంపు 1 డిగ్రీ ఉంటే, ఎడమ నుంచి కుడికి వెళ్లేసరికి గీత 52 పిక్సెళ్లు కిందికి దిగుతుంది. అంటే దాదాపు ఒక వరుస. ఎడమ చివర 20వ వరుసలో మొదలైన చూపు, గీతను వదిలి అడ్డంగా నేరుగా వెళితే, కుడి చివర 19లోనో 21లోనో తేలుతుంది. అసలు ఒక వరుస దాకా కూడా వెళ్లక్కర్లేదు. సగం వరుస, అంటే 30 పిక్సెళ్లు దాటగానే అంకె పక్క వరుసకు దగ్గరవుతుంది.

ఇక అసలు చిక్కు. ఆ పేజీలో వంపు అంతటా ఒకేలా లేదు. పై గీత దగ్గర 0.2 డిగ్రీలు, మధ్యలో 0.7, కింది గీత దగ్గర 1.3. ఫోన్‌ను పేజీకి నేరుగా కాకుండా ఒక మూల వైపు వంచి తీస్తే ఇలా అవుతుంది. 0.2 దగ్గర జారుడు 10 పిక్సెళ్లే, ఏ ఇబ్బందీ లేదు. 0.7 దగ్గర 37 పిక్సెళ్లు, సగం వరుస దాటింది. 1.3 దగ్గర 68, పూర్తిగా ఒక వరుస పోయింది.

తేడా తెలియాలని సరిచేయక ముందు ఒకసారి, సరిచేశాక ఒకసారి చదివించి పక్కపక్కన పెట్టాం. సరిచేయని దాంట్లో పై పది వరుసలు తప్పు లేకుండా వచ్చాయి. మధ్య నుంచి పేర్లకూ గుంటలకూ జత తప్పడం మొదలైంది, చివరి వరుసలన్నీ ఒక మెట్టు జారాయి. పైనుంచి పది వరుసలు సరిచూసి 'బాగానే వచ్చింది' అనుకునే మనిషి ఈ తప్పును ఎప్పటికీ పట్టుకోలేరు. అందుకే సరిచూడటానికి ఎంచుకునే వరుసల్లో పైది, మధ్యది, కిందిది తప్పకుండా ఉండాలి.

ఇలాంటి పేజీని ఒకే కోణంతో తిప్పితే ఒకచోట సరై ఇంకోచోట చెడుతుంది. చేయాల్సింది నాలుగు మూలలను పట్టుకుని దీర్ఘచతురస్రంగా సాగదీయడం. ఓపెన్ సీవీలో `cv2.getPerspectiveTransform`, `cv2.warpPerspective` ఈ పని చేస్తాయి. మూలలుగా కాగితం మూలలను కాకుండా పట్టిక బయటి గీతల మూలలను ఇవ్వాలి. కాగితం మీద ముద్రణే కొంచెం వంకరగా పడి ఉండవచ్చు.

మిగిలిన వంపును కొలవడానికి కూడా అక్షరాల కంటే గీతలే మేలు. వాలును అక్షరాల వరుసలను బట్టి అంచనా వేసే పద్ధతులు వరుసకూ వరుసకూ మధ్య ఖాళీ తెలుపు కోసం వెతుకుతాయి. తెలుగులో ఆ ఖాళీ సరిగ్గా దొరకదు. పైవరుస వత్తులు కిందికి దిగుతాయి, కిందివరుస గుడులు పైకి లేస్తాయి. ఇరుకుగా ముద్రించిన జాబితాలో ఆ రెండూ కలిసిపోతాయి. పట్టిక గీతకు వత్తూ లేదు, గుడీ లేదు.

నీడను తీసివేయకూడదు, భాగించాలి

17వ పేజీ ఎడమవైపు పుస్తకం కుట్టు ఉంది. అక్కడ నల్లటి నీడ. ఫొటోలో నలుపుకు 0, తెలుపుకు 255 అని విలువ ఉంటుంది. వెలుతురు పడిన చోట కాగితం 210, సిరా 70 అనుకుందాం. నీడలో కాగితం 90కి, సిరా 30కి పడిపోతాయి. '100 కంటే తక్కువైతే నలుపు' అని ఒకే గీత గీస్తే నీడలోని కాగితమంతా నల్లబడి అక్షరాలు అందులో మునిగిపోతాయి. ఆ గీతను 60కి దించితే వెలుతురులోని అక్షరాలు మాయమవుతాయి.

కానీ నిష్పత్తి చూడండి. 210కి 70, 90కి 30. రెండు చోట్లా సిరా కాగితంలో మూడో వంతే. నీడ వెలుతురును ఒకే వంతున తగ్గిస్తుంది కాబట్టి, కాగితం విలువతో భాగిస్తే నీడ పోతుంది. కాగితం విలువ తెలియాలంటే అక్షరాలను చెరిపేసిన పేజీ ఒకటి తయారు చేసుకోవాలి:

```
import cv2
g = cv2.imread("017_straight.png", 0)
bg = cv2.dilate(g, None, iterations=15)
bg = cv2.medianBlur(bg, 51)
out = cv2.divide(g, bg, scale=255)
cv2.imwrite("017_flat.png", out)
```

మూడో వరుస చుట్టుపక్కల తెలుపును అక్షరాల మీదికి పరుస్తుంది. నాలుగోది దాన్ని నునుపు చేస్తుంది. ఇక్కడ 15 సార్లు పరిస్తే 31 పిక్సెళ్ల చదరం అంత ప్రభావం ఉంటుంది. అది అక్షరం గీత మందం కంటే ఎక్కువ ఉండాలి. తక్కువైతే లావుపాటి శీర్షిక అక్షరాలను కూడా కాగితమే అనుకుని వాటి లోపలి భాగాన్ని తొలిచేస్తుంది. ఫలితంలో అక్షరాలు అంచులు మాత్రమే ఉన్న డొల్లల్లా కనిపిస్తే కారణం ఇదే.

దీనికీ హద్దు ఉంది. నీడ తక్కువ చేసిన వెలుతురును భాగించి తేవచ్చు. నీడ పూర్తిగా మింగేసిన వివరాన్ని తేలేం. ఫ్లాష్ వెలుగుతో తెల్లగా కాలిపోయిన చోటు కూడా అంతే. అక్కడ 'అ'కూ 'ఆ'కూ తేడా చెప్పే చిన్న వంపు లేకపోతే ఏ లెక్కా దాన్ని పుట్టించలేదు. తెలంగాణ రికార్డుల్లో 143/అ, 143/ఆ వేర్వేరు కుటుంబాల భూములు కావచ్చు.

గడి గడిగా చదివించడం

పేజీ మొత్తాన్ని ఒకేసారి చదివిస్తే, ఏ అంకె ఏ పేరు పక్కదో ప్రోగ్రామే ఊహిస్తుంది. ఆ ఊహను దాని చేతికి ఇవ్వకూడదు. అడ్డగీతలు, నిలువు గీతలు గుర్తించి, అవి కలిసే చోట్లను బట్టి పేజీని గడులుగా కోసి, ఒక్కో గడిని విడిగా `--psm 7`తో చదివించాలి. అప్పుడు ప్రతి మాటకూ వరుస నెంబరు, గడి నెంబరు ముందే ఉంటాయి. పేరు రెండు లైన్లలోకి విరిగిన గడికి మాత్రం `--psm 6` వాడాలి. లేదంటే తండ్రి పేరు పోతుంది.

సర్వే నెంబరు గడిలో అంకెలే ఉంటాయి కదా అని `tessedit_char_whitelist`తో అంకెలకు పరిమితం చేయాలనిపిస్తుంది. చేయకూడదు. 143/అ లోని 'అ'ను రాయడానికి వీల్లేనప్పుడు అది ఏదో ఒక అంకెను పెట్టవచ్చు, లేదా వదిలేయవచ్చు. అప్పుడు చూడటానికి నిజమైన నెంబరులాగే ఉండే అబద్ధపు నెంబరు పుడుతుంది.

ఇంకో ఉచ్చు 'సదరు' గుర్తు. పైవరుసలోని సర్వే నెంబరే ఇక్కడా అని చెప్పడానికి గడిలో రెండు చిన్న గీతలు పెడతారు. మచ్చలు తుడిచే దశలో అవి తుడిచిపెట్టుకుపోతాయి. గడి ఖాళీగా వస్తుంది. నిజంగా ఖాళీగా ఉన్న గడి వేరు, గుర్తు పోయిన గడి వేరు. అందుకే ఖాళీగా వచ్చిన ప్రతి గడినీ అసలు ఫొటోలో కంటితో చూడాలి.

నమ్మలేని చోటును రాసిపెట్టడం

ప్రతి మాటకూ టెసరాక్ట్ 0 నుంచి 100 వరకు ఒక నమ్మకపు అంకె ఇస్తుంది, టీఎస్‌వీ ఫలితంలో `conf` అనే వరుసలో. ఆ అంకె అక్షరం గురించి మాత్రమే మాట్లాడుతుంది. పక్క వరుసలోకి జారిన గుంటకు కూడా 95 రావచ్చు. కాబట్టి వరుసల పొందిక మీద నమ్మకాన్ని మనమే విడిగా రాయాలి. 'కొన్ని చోట్ల తప్పులు ఉండవచ్చు' అన్న ఒక్క మాట ఎవరికీ పనికిరాదు. ఏ పేజీ, ఏ వరుసలు, ఏ గడులు, ఎందుకు అన్నది ఉండాలి.

17వ పేజీలో మూలలు సాగదీసి, నీడ భాగించాక కూడా ఒక చోటు లొంగలేదు. పుస్తకం పైభాగాన్ని ఒకరు వేళ్లతో నొక్కి పట్టుకున్నారు, కింది భాగాన్ని ఎవరూ పట్టుకోలేదు. కింద ఎడమవైపు కాగితం కుట్టు దగ్గర పైకి లేచి గుండ్రంగా వంగింది. నాలుగు మూలల పద్ధతి బల్లపరుపు కాగితానికే పనిచేస్తుంది, వంగిన కాగితానికి కాదు. అక్కడ గీతలు వంగాయి, సర్వే నెంబర్లు ఇరుక్కుపోయాయి. ఆ పేజీకి మేం రాసిన నివేదిక ఇది:

- పేజీ 17. అసలు ఫొటో `017.jpg`, మార్చకుండా భద్రం. 90 డిగ్రీలు తిప్పాం. నాలుగు మూలలు సరిచేశాం. నీడ భాగించాం.
- మిగిలిన వంపు: పైన, మధ్యలో 0.1 డిగ్రీ లోపు. కింద కుట్టు వైపు కొలవలేం, గీత వంగి ఉంది.
- వరుసలు 1–24: పేరు, విస్తీర్ణం, సర్వే నెంబరు జత నమ్మదగినవి.
- వరుసలు 25–30: పేరు, విస్తీర్ణం జత నమ్మదగినది. సర్వే నెంబరు ఏ వరుసదో అనిశ్చితం. అ/ఆ తేడా కనిపించదు.
- వరుస 12, రిమార్కుల గడి: చేతిరాత, చదివించలేదు.
- వరుసలు 18, 19, సర్వే నెంబరు: ఫొటోలో సదరు గుర్తు ఉంది. పై నెంబరును మనిషి నింపారు, ఓసీఆర్ చదివినది కాదు.

పేజీ మొత్తాన్ని 'నమ్మదగినది' అనో 'కాదు' అనో ముద్ర వేయకపోవడం ముఖ్యం. మొత్తాన్ని కొట్టేస్తే 24 కుటుంబాల వివరం ఊరికే పోతుంది. మొత్తాన్ని ఒప్పేసుకుంటే ఆరు కుటుంబాలకు తప్పు నెంబరు అంటుకోవచ్చు. పట్టికలో కూడా ఆ ఆరు గడుల్లో ఊహించిన నెంబరు పెట్టకుండా 'అనిశ్చితం' అని రాశాం. తర్వాత ఆ పట్టికను తెరిచే మనిషి నివేదిక చదవకపోయినా గడిలోని మాట కనిపిస్తుంది.

సరిచూసుకోవడం, వాడుకోవడం

వరుసల పొందికను తేల్చగలిగేది బయటి కాగితమే. వాడలో ఎవరి దగ్గరైనా లావణి పట్టా ఉంటే దానితో పోల్చాలి. ఈ పేజీకి 4, 16, 28 వరుసల కుటుంబాల పట్టాలు దొరికాయి. 4, 16 పూర్తిగా కలిశాయి. 28లో పేరు, విస్తీర్ణం కలిశాయి, సర్వే నెంబరు పట్టాలో స్పష్టంగా ఉంది. ఆ నెంబరును 'పట్టా నుంచి' అని గుర్తుపెట్టి చేర్చాం. ఒక్క వరుస తేలింది కదా అని మిగిలిన ఐదింటినీ దాన్ని బట్టి నింపలేదు.

పట్టికను ఎక్సెల్‌లో తెరిచే ముందు సర్వే నెంబరు, విస్తీర్ణం నిలువు వరుసలను టెక్స్ట్‌గా పెట్టాలి. లేకుంటే సర్వే నెంబరు 12/3 తేదీగా మారిపోతుంది. 1.20 అని ఉన్న ఎకరం 20 గుంటలు 1.2 అయిపోతుంది, చదివేవాళ్లు దాన్ని ఎకరం 2 గుంటలు అనుకుంటారు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి, గుంటల చోట 40 లేదా అంతకంటే పెద్ద అంకె వస్తే అది చదవడంలో తప్పే. ఆంధ్రప్రదేశ్ రికార్డుల్లో ఎకరానికి 100 సెంట్లు, అక్కడ ఈ పరీక్ష పనిచేయదు.

ఈ జాబితాల్లో పేర్లు, తండ్రుల పేర్లు, కులం అన్నీ ఉంటాయి. వాటిని ఎవరివో తెలియని ఉచిత వెబ్‌సైట్లలోకి ఎక్కించకూడదు. పైన చెప్పిన పనులన్నీ ఇంటర్నెట్ లేకుండా సొంత కంప్యూటర్‌లోనే అవుతాయి.

చివరగా, ఇలా తయారైన పట్టిక వెతుక్కోవడానికే, సాక్ష్యంగా కాదు. సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 2(జె) కింద రికార్డు చూసే హక్కుతో పాటు ధ్రువీకరించిన నకలు పొందే హక్కు కూడా ఉంది. వందల పేజీల నకలు అడగడం ఖర్చుతో కూడిన పని. మన దగ్గర పేజీవారీ నివేదిక ఉంటే 'ఫలానా జాబితా, 17వ పేజీ, వరుసలు 25 నుంచి 30' అని అడగవచ్చు. మొదట అడగాల్సింది నమ్మలేమని రాసిపెట్టిన ఆ పేజీలనే. ఆ నకలు వచ్చాక 'అనిశ్చితం' అని ఉన్న గడులు నింపి, ఏది ఎప్పుడు ఏ కాగితం చూసి నింపామో పక్కన రాస్తాం. ఫిర్యాదు ఆ తర్వాతే.